‘తక్షణమే అమలు’ అంటే ఏ రోజు నుంచి?

“ఉద్యోగులు తమ ఖర్చుల క్లెయిములను తగిన ఆధారాలతో, నిర్ణీత గడువులోగా, అనుమతించిన పరిమితులకు లోబడి సమర్పించవలెను. ఈ పాలసీ తక్షణమే అమలులోకి వచ్చును.”

కొత్త రీయింబర్స్‌మెంట్ పాలసీ వచ్చిన రోజున ఆఫీసు మెయిల్లో కనబడే వాక్యాలు ఇవి, మాటలు కాస్త అటూ ఇటూగా. వ్యాకరణం తప్పేమీ లేదు, చదవడానికి హుందాగానే ఉంటుంది. చేతిలో హోటల్ బిల్లు పట్టుకుని కూర్చున్న మనిషి మాత్రం దీన్ని నాలుగుసార్లు చదివినా తనకు ఎంత తిరిగొస్తుందో, ఏ కాగితం జతచేయాలో, ఏ రోజు వరకు పంపొచ్చో తేల్చుకోలేడు.

“తగిన”, “నిర్ణీత” లాంటి మాటలు తీసేసి అంకెలు వేస్తే సరిపోతుందని చాలామంది అంటారు. అది సగం దూరమే. ప్రకటనలో అసలు గొడవంతా అంకె అంచుల దగ్గర మొదలవుతుంది. పరిమితి దాటితే ఏమవుతుంది, బిల్లు పోతే ఏమవుతుంది, గడువు ముగిసిన మర్నాడు పంపితే ఏమవుతుంది, పాత నియమంలో మొదలైన ఖర్చు కొత్త నియమంలో ముగిస్తే ఏమవుతుంది. రాసేవాళ్ళు సరిగ్గా ఈ నాలుగింటినే వదిలేస్తారు. నా వాదన ఏమిటంటే, ప్రకటనలో ముందుగా రాయాల్సినవి ఈ నాలుగే.

ఒక్క బిల్లు, నాలుగు జవాబులు

ఒక ఉదాహరణ పూర్తిగా లెక్క కట్టి చూద్దాం. కరెన్సీ ఏదైనా వేసుకోండి, లెక్క మారదు. పాత పాలసీలో బసకు రాత్రికి 2,000 పరిమితి. కొత్తదానిలో 2,500. ప్రకటనలో ఉన్నది ఒక్క వాక్యం: “ఏప్రిల్ 1 నుంచి బస పరిమితి రాత్రికి 2,500.” అంకె ఉంది, తేదీ ఉంది. రాసినవాళ్ళు తృప్తిగానే పంపించి ఉంటారు.

ఒక ఉద్యోగి మార్చి 29న ప్రయాణమై వెళ్ళి ఏప్రిల్ 2న తిరిగొచ్చారు. హోటల్లో నాలుగు రాత్రులు: మార్చి 29, 30, 31, ఏప్రిల్ 1. గది అద్దె రాత్రికి 2,400, దాని మీద పది శాతం పన్ను 240. మొత్తం నాలుగు రాత్రులకు 10,560. బిల్లు ఒకటే, గది ఖాళీ చేసిన ఏప్రిల్ 2 తేదీతో.

ఇప్పుడు ఆ వాక్యాన్ని పట్టుకుని ఎంత ఇవ్వాలో చెప్పండి.

బిల్లు తేదీని బట్టి చూస్తే నాలుగు రాత్రులకూ కొత్త పరిమితే. పన్నుతో కలిపి 2,500 అనుకుంటే 10,000 ఇవ్వాలి. పరిమితి అద్దెకే, పన్ను విడిగా ఇస్తాం అనుకుంటే 2,400 అనేది 2,500 లోపే కాబట్టి మొత్తం 10,560 ఇవ్వాలి. ఏ రాత్రికి ఆ రాత్రి లెక్కే అంటే మార్చి రాత్రులు మూడింటికి 6,000, ఏప్రిల్ రాత్రికి 2,500, పన్నుతో కలిపి చూసుకుంటే 8,500. ప్రయాణం మొదలైన రోజు ఏ పాలసీ ఉందో అదే చివరిదాకా, పన్నుతో కలిపే అంటే 8,000. ఒకే బిల్లుకు 8,000, 8,500, 10,000, 10,560. నలుగురూ నిజాయితీగానే చదివారు, ఎవరూ తప్పు చదవలేదు.

ఆ ఉద్యోగి 10,560 వస్తుందనుకుంటారు, అకౌంట్స్‌లో ఒకరు 8,000 పాస్ చేస్తారు, వచ్చే నెల ఇంకొకరు ఇలాంటి బిల్లుకే 8,500 పాస్ చేస్తారు. ఇద్దరు ఉద్యోగులూ ఒకరి బిల్లు ఒకరు చూసుకున్న రోజున పాలసీ మీద ఉన్న నమ్మకం పోతుంది.

నాలుగింటిలో ఏది ఎంచుకోవాలంటే, ప్రయాణాలకు మొదలైన తేదీని పట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. ఉద్యోగి గది బుక్ చేసుకున్నది అప్పుడు తెలిసిన పరిమితిని చూసే. ఒకే ప్రయాణంలో రెండు నియమాలు కలిస్తే అకౌంట్స్ వాళ్ళు బిల్లును ముక్కలు చేయాలి, అక్కడ పొరపాట్లు పుడతాయి. పరిమితి పెరిగినప్పుడు ఇది కాస్త పిసినారితనంగా కనబడుతుందన్న మాట నిజమే. కానీ వచ్చే ఏడాది పరిమితి తగ్గిందనుకోండి, అప్పటికే ఊళ్ళో దిగిన మనిషిని కాపాడేది ఇదే నియమం. ఫోన్ బిల్లు, స్టేషనరీ లాంటి ప్రయాణం కాని ఖర్చులకు బిల్లు తేదీ చాలు. ఏది ఎంచుకున్నా ప్రకటనలో “ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే ప్రయాణాలకు” అన్న మాట ఉండాలి. “ఏప్రిల్ 1 నుంచి” అంటే చాలదు.

పరిమితి పక్కన ఉండాల్సిన మాటలు

పై లెక్కలో పన్ను ఒక్కటే 560 తేడా తెచ్చింది. అందుకే పరిమితి ఎక్కడ రాసినా “పన్నుతో కలిపి” అనో “పన్ను విడిగా” అనో పక్కనే ఉండాలి, కింద ఎక్కడో నిర్వచనాల్లో కాదు. అలాగే అది మనిషికా, గదికా? ఇద్దరు ఒక గదిలో ఉంటే 2,500 కా, 5,000 కా? భోజనానికి రోజుకు 900 అంటే మూడు పూటలకూ కలిపేనా, ఒక పూట మానేసి రెండో పూట 700 ఖర్చు పెట్టొచ్చా?

ఇంకో చిక్కు ఉంది. “రోజుకు 900” అన్న మాటను కొందరు పరిమితిగా చదువుతారు, కొందరు భత్యంగా చదువుతారు. మొదటివాళ్ళు 640 ఖర్చయితే 640 అడుగుతారు. రెండోవాళ్ళు బిల్లుల్లేకుండా 900 వేసి పంపుతారు. ఇందులో దురుద్దేశమేమీ లేదు, చాలాచోట్ల భత్యం అలాగే ఇస్తారు. “ఖర్చైనంతే, గరిష్ఠంగా 900” అని మూడు మాటలు రాస్తే తీరిపోయే విషయం ఇది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, దాటితే ఏమవుతుందో చెప్పడం. రాత్రికి 2,500 పరిమితి ఉన్నప్పుడు 2,700 బిల్లు వస్తే మూడు రకాలుగా చేయొచ్చు. 2,500 ఇచ్చి 200 ఉద్యోగి మీద వేయొచ్చు. మొత్తం బిల్లు తిప్పి పంపొచ్చు. ముందస్తు అనుమతి ఉంటే మొత్తం ఇవ్వొచ్చు. ప్రకటనలో ఇది లేకపోతే ఉద్యోగులు భయపడి ఒక పని చేస్తారు: 2,700 బిల్లు దాచేసి 2,500కి ఇంకో కాగితం తెచ్చుకుంటారు, లేదా మిగతా 200ని టాక్సీ ఖర్చులో కలుపుతారు. నియమం రాయకపోవడం వల్లే పుట్టే తప్పుడు లెక్క అది.

ఏ కాగితం ఏం చెబుతుంది

“అసలు బిల్లు జతచేయగలరు” అని రాస్తాం. మన ఆఫీసు తెలుగులో ఈ “గలరు” ఒక వింత. అది ఆజ్ఞా, విన్నపమా, చేసే శక్తి ఉందన్న ప్రశంసా? ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళకు ఇదే ఇబ్బంది వచ్చి, 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రంలో తప్పనిసరి, చేస్తే మంచిది, ఐచ్ఛికం అనే అర్థాలకు వేర్వేరు మాటలు కేటాయించుకున్నారు. మనకూ మూడు చాలు: “జతచేయాలి”, “జతచేస్తే మంచిది”, “అవసరం లేదు”. ‘గలరు’, ‘వలెను’ రెండింటినీ పంపేసినా ప్రకటన గౌరవం తగ్గదు.

ఆధారం విషయంలో క్లెయిములు తిరిగొచ్చేది ఎక్కువగా ఉద్యోగి ఏదో ఒకటి జతచేసి అదే బిల్లు అనుకున్నప్పుడు. ఖర్చును నమ్మాలంటే కాగితం ఐదు విషయాలు చెప్పాలి: ఎవరు అమ్మారు, ఏ రోజు, ఏం కొన్నారు, ఎంత, ఆ డబ్బు చెల్లించారా లేదా. కార్డు యంత్రం నుంచి వచ్చే చిన్న స్లిప్పులో అమ్మినవాళ్ళ పేరు, తేదీ, మొత్తం ఉంటాయి, డబ్బు కట్టినట్టు కూడా తెలుస్తుంది. ఏం కొన్నారో మాత్రం ఉండదు. బ్యాంకు స్టేట్‌మెంటుదీ అదే కథ. బుకింగ్ ఖరారైందని వచ్చే మెయిల్లో ఏం కొన్నారో ఉంటుంది, తర్వాత రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకున్నారో లేదో తెలియదు. ప్రొఫార్మా ఇన్‌వాయిస్ అనేది ఎంత అవుతుందో ముందుగా చెప్పే కాగితం, కట్టినట్టు రుజువు కాదు.

అందుకే “తగిన ఆధారాలు” అనే బదులు ఏవి చాలవో పేరు పెట్టి రాయాలి, కారణంతో సహా: “కార్డు స్లిప్పు ఒక్కటే చాలదు, అందులో ఏం కొన్నారో ఉండదు కాబట్టి, వివరాలున్న బిల్లు కూడా కావాలి.” కారణం చెబితే, ప్రకటనలో లేని కాగితం ఎదురైనప్పుడు కూడా ఉద్యోగి తనంతట తానే తేల్చుకోగలడు.

కొన్ని ఆధారాలు ఖర్చు పెట్టాక సంపాదించలేం. పన్ను వెనక్కి రాబట్టుకునే వీలున్న చోట్ల బిల్లు సంస్థ పేరు మీద, సంస్థ పన్ను నమోదు సంఖ్యతో ఉండాలి. కొనేటప్పుడు అడిగితే అది ఒక నిమిషం పని. వారం తర్వాత అడిగితే దుకాణం వాళ్ళు మార్చి ఇవ్వకపోవచ్చు. ముందస్తు అనుమతిదీ ఇదే తంతు. కాబట్టి ప్రకటనను పాలసీ పత్రం వరసలో (ఉద్దేశం, పరిధి, నిర్వచనాలు, మినహాయింపులు) రాయకూడదు. ఖర్చు పెట్టే ముందు, పెట్టేటప్పుడు, పెట్టాక అనే వరసలో రాయాలి. చదివేవాళ్ళలో కొందరు రేపే బయల్దేరుతుంటారు. వాళ్ళకు కావలసింది మొదటి పేరాలోనే దొరకాలి.

చిన్న విషయమే గానీ రాయాల్సింది ఒకటుంది. చాలా యంత్రాల నుంచి వచ్చే బిల్లులు థర్మల్ కాగితం మీద ఉంటాయి. అందులో సిరా ఉండదు, వేడికి రంగు మారే పూత మీద అక్షరాలు తేలతాయి. ఎండకూ వేడికీ, కొన్ని ప్లాస్టిక్ కవర్లలో పెట్టినా, అవి వెలిసిపోతాయి. వేడితో లామినేట్ చేస్తే కాగితమంతా నల్లబడుతుంది. గడువు 30 రోజులున్నా ఫోటో మాత్రం అదే రోజు తీసుకోమని ప్రకటనలో ఒక వాక్యం ఉంటే “చదవడానికి వీలుగా లేదు” అని తిప్పి పంపే క్లెయిములు తగ్గుతాయి.

బిల్లు అక్కర్లేని అంకె చెబితే దుర్వినియోగం చేయరా?

ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. “200 లోపు ఖర్చులకు బిల్లు అవసరం లేదు” అని రాసిన నెల నుంచి 190, 195 క్లెయిములు పెరగొచ్చు. అందుకని కొందరు ఆ అంకెను అకౌంట్స్ వాళ్ళకు మాత్రమే చెప్పి, బయటికి “అన్నిటికీ బిల్లు తప్పనిసరి” అని రాస్తారు. లోపల మాత్రం చిన్నవి వదిలేస్తుంటారు.

దీంతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, రహస్యం ఎన్నాళ్ళో దాగదు. తెలిసినవాళ్ళు బిల్లు లేకుండా పంపి డబ్బు తీసుకుంటారు. తెలియనివాళ్ళు పార్కింగ్ 40కి బిల్లు దొరక్క చేతి డబ్బు వదులుకుంటారు. నియమం పాటించినవాళ్ళే నష్టపోతారు. అంకెను బయటపెట్టి, దాని పక్కనే దాని కాపలా కూడా రాయడం మంచిది: తేదీ, స్థలం, ఎందుకు అన్న మూడూ రాయాలి, నెలకు ఇలాంటివి మొత్తం 1,000 దాటకూడదు, కొన్నిటిని ఎంపిక చేసి అడుగుతాం. 195లు వరసగా వస్తున్న మనిషి ఆ నెలవారీ హద్దు దగ్గర ఎలాగూ ఆగుతాడు. పోయిన బిల్లులకు వేరే దారి ఉండాలి: ముందు అమ్మినవాళ్ళను నకలు అడగడం, అది దొరక్కపోతే ఉద్యోగి సంతకంతో హామీపత్రం, మేనేజర్ ధ్రువీకరణ.

గడువుకు రెండు కొసలు

“30 రోజుల్లోగా” అన్నప్పుడు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో చెప్పాలి. బిల్లు తేదీ, ప్రయాణం ముగిసిన తేదీ, కార్డు స్టేట్‌మెంటులో పడిన తేదీ, ఈ మూడూ వేర్వేరు. విమానం టికెట్ రెండు నెలల ముందు కొంటే, బిల్లు తేదీ నుంచి లెక్కపెట్టినప్పుడు ప్రయాణం మొదలవకముందే గడువు అయిపోతుంది. ప్రయాణాలకు తిరిగొచ్చిన రోజు నుంచి లెక్క పెట్టడం ఈ చిక్కు తప్పిస్తుంది. అవి పనిదినాలా, క్యాలెండర్ రోజులా అన్నదీ రాయాలి.

రెండో కొస ఎక్కువమంది మరిచిపోయేది: ఎవరు ఏం చేస్తే గడువు తీరినట్టు? ఉద్యోగి 28వ రోజున పంపారు, మేనేజర్ సెలవులో ఉన్నారు, అప్రూవల్ 35వ రోజున వచ్చింది. ఉద్యోగి పంపిన తేదీయే లెక్క అని రాయకపోతే ఇంకొకరి సెలవుకు ఈయన డబ్బు పోతుంది. సవరణ కోసం తిప్పి పంపిన క్లెయిముకు కూడా మొదట పంపిన తేదీనే నిలిపి, సరిదిద్దడానికి ఏడు రోజులిస్తే సరిపోతుంది.

“లోగా” అన్న మాటలో ఆ రోజు కూడా కలుస్తుందా అనేది మన భాషలో ఎప్పుడూ ఉన్న తగాదా. ఉదాహరణ తేదీ ఇచ్చేస్తే వాదనే ఉండదు. నెలను అక్షరాల్లో రాయండి. 03/04 అంటే కొందరికి ఏప్రిల్ 3, కొందరికి మార్చి 4.

గడువు తగ్గించినప్పుడు మాత్రం ఒక ఉచ్చు పొంచి ఉంటుంది. పాత గడువు బిల్లు తేదీ నుంచి 60 రోజులు, ఏప్రిల్ 1 నుంచి 30 అనుకుందాం. పాత ఖర్చులకు ఏ గడువో చెప్పకపోతే మార్చి 1 నాటి ఖర్చుకు 30 రోజులు మార్చి 31తో అయిపోతాయి, అంటే పాలసీ మొదలవడానికి ముందు రోజే. మార్చి 5 నాటి బిల్లు ఉన్నవాళ్ళు మే 4 వరకు సమయం ఉందని నిశ్చింతగా ఉంటారు, కొత్త లెక్కలో అది ఏప్రిల్ 4. పాత ఖర్చుకు పాత గడువే అన్న ఒక్క వాక్యం ఈ బిల్లులన్నిటినీ కాపాడుతుంది.

గడువు ఎందుకో కూడా ఒక ముక్క చెప్పండి. నెల లెక్కలు మూసేటప్పుడు రాని బిల్లుల్ని అకౌంట్స్ వాళ్ళు అంచనాతో వేయాల్సి వస్తుంది. అమెరికా లాంటి చోట్ల ఖర్చుకు సకాలంలో లెక్క చూపకపోతే తిరిగిచ్చిన సొమ్మును జీతంగా పరిగణించే పన్ను నిబంధనలూ ఉన్నాయి. కారణం తెలియకపోతే గడువు వేధింపులా కనబడుతుంది.

రాసి చూస్తే ఇలా ఉంటుంది

> సబ్జెక్ట్: ప్రయాణ ఖర్చులు: ఏప్రిల్ 1 నుంచి బస పరిమితి 2,500, క్లెయిమ్ గడువు 30 రోజులు
>
> ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే ప్రయాణాలకు ఈ నియమాలు. మార్చి 31న గానీ అంతకుముందు గానీ మొదలైన ప్రయాణాలకు, అవి ఏప్రిల్‌లో ముగిసినా, పాత పరిమితులే, పాత 60 రోజుల గడువే.
>
> బయల్దేరే ముందు: రాత్రికి 2,500 దాటే గది తప్పదనిపిస్తే బుక్ చేయకముందే మేనేజర్ నుంచి మెయిల్లో అనుమతి తీసుకోండి. హోటల్ బిల్లు సంస్థ పేరు మీద అడగండి.
>
> ఎంత వరకు: బస, ఒక మనిషికి రాత్రికి 2,500 (ఇదివరకు 2,000). భోజనం, మూడు పూటలకూ కలిపి రోజుకు 900 (మార్పు లేదు). రెండూ పన్నుతో కలిపి. ఖర్చైనంతే ఇస్తాం. అనుమతి లేకుండా దాటితే పరిమితి వరకు ఇస్తాం, మిగిలింది మీరు భరించాలి. బిల్లు మాత్రం ఉన్నదున్నట్టే పంపండి.
>
> ఏం జతచేయాలి: ఏం కొన్నారో కనబడే బిల్లు, డబ్బు కట్టినట్టు రుజువు. కార్డు స్లిప్పు ఒక్కటే, బుకింగ్ మెయిల్ ఒక్కటే చాలవు. బిల్లు ఫోటో అదే రోజు తీయండి. 200 లోపు ఖర్చుకు బిల్లు దొరక్కపోతే తేదీ, స్థలం, కారణం రాయండి. ఇలాంటివి నెలకు మొత్తం 1,000 వరకే.
>
> ఎప్పటి వరకు: తిరిగొచ్చిన రోజు నుంచి 30 క్యాలెండర్ రోజులు. ఏప్రిల్ 10న తిరిగొస్తే మే 10 రాత్రి 11:59 వరకు. మీరు పంపిన తేదీయే లెక్క. 31 నుంచి 60వ రోజు వరకు వచ్చినవాటికి విభాగాధిపతి అనుమతి కావాలి. ఆ తర్వాత వచ్చినవి చెల్లించం.

దీన్ని చూసి “మరీ బిగించేశారు, మేనేజర్ విచక్షణకు చోటేదీ?” అనేవాళ్ళుంటారు. విచక్షణ ఉంది, రెండు చోట్ల: బుకింగ్‌కు ముందు అనుమతిలో, 31వ రోజు నుంచి 60వ రోజు వరకు. అది ఎవరి దగ్గర ఉందో, ఎప్పుడు అడగాలో రాసిపెట్టాం అంతే. నాకు మిగిలిన అసలు సందేహం వేరు. 60 రోజుల తర్వాత “చెల్లించం” అన్న మాట ఆసుపత్రి పాలైన ఉద్యోగి దగ్గర నిలబడదు. అక్కడ మినహాయింపు ఇస్తామని సంస్థకు ముందే తెలిస్తే “సుదీర్ఘ అనారోగ్య సెలవులో ఉన్నవాళ్ళకు తప్ప” అని ఇప్పుడే రాయాలి. పాటించని కఠినత్వాన్ని రాస్తే మిగతా వాక్యాల్ని కూడా జనం అలాగే తీసుకుంటారు.

పంపే ముందు ఒక పరీక్ష. పాలసీ తయారీలో లేని ముగ్గురికి ఈ మెయిలూ, మార్చి 29 హోటల్ బిల్లూ ఇచ్చి, ఎంత వస్తుందో, చివరి రోజు ఏదో విడివిడిగా రాయమనండి. ముగ్గురూ 8,000 అనీ, జూన్ 1 అనీ రాయాలి. ఒక్కరు వేరే రాసినా ఆయనకు వివరించకండి, ఏ వాక్యం చదివి అలా రాశారో అడిగి దాన్ని మార్చండి. పంపిన తర్వాత వారంలో ఒకే ప్రశ్న ఇద్దరు అడిగితే, ఇద్దరికీ విడిగా జవాబిచ్చి ఊరుకోకుండా అసలు ప్రకటననే సవరించి, సవరించిన తేదీ పైన వేసి మళ్ళీ అందరికీ పంపండి.